కాదని రాసే ఉత్తరం

పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ ఎవరికీ మొహం మీద కాదని చెప్పరు. "చూద్దాం లెండి" అంటారు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు. కానీ అడిగినాయన కాగితం మీద అడిగితే జవాబు కూడా కాగితం మీదే ఇవ్వాలి, అక్కడ "చూద్దాం" పనికిరాదు. అది చదివినాయన ఆరు నెలలు ఎదురుచూసి, ఏడో నెల శత్రువవుతాడు. పంచాయతీ ఆఫీసుల్లో చాలా ఏళ్లు ఇలాంటి జవాబులు రాసినవాడిగా చెబుతున్నాను: డబ్బులు రాలేదన్న కోపం తొందరగానే పోతుంది. తనకు నిజం చెప్పలేదన్న కోపం మాత్రం పోదు.

ఈమధ్య ఒక యువ పంచాయతీ కార్యదర్శి తాను రాసిన చిత్తుప్రతి తెచ్చి చూపించింది. ఊరి పేరు అక్కర్లేదు. అక్కడ రిటైరైన ఒక మాస్టారు పఠన మందిరం నడుపుతున్నారు. పేపర్లకు, కరెంటు బిల్లుకు పంచాయతీ ఏటా 18,000 రూపాయలు ఇస్తోంది. దాన్ని 42,000 చేయమని ఆయన రాశారు. ఈ అమ్మాయి జవాబు ఇలా ఉంది: "పై సూచికలోని తమ అర్జీ పరిశీలించడమైనది. నిధుల కొరత దృష్ట్యా మంజూరు చేయుటకు వీలుపడదని తెలియజేయడమైనది."

వ్యాకరణం బాగుంది, ఆఫీసు పద్ధతీ బాగుంది. కానీ ఈ ఉత్తరం పంపితే మాస్టారు మళ్లీ పంచాయతీ గడప తొక్కరు.

మొదటి కారణం, అందులో మనిషి లేడు. సర్పంచి ఆయన దగ్గర చదువుకున్నాడు, ఎదురుపడితే "నమస్కారం మాస్టారూ" అని ఆగుతాడు. అలాంటి మనిషిని కాగితం మీద "అర్జీదారు" చేశారు. ఎవరు పరిశీలించారో, ఎవరు వద్దన్నారో వాక్యంలో ఎక్కడా లేదు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఇలా తప్పుకుంటే చదివినాయన ఎవరినో ఒకరిని ఊహించుకుంటాడు, సాధారణంగా తనకు గిట్టనివాణ్నే.

రెండోది అసలైనది. "నిధుల కొరత" అన్నది సగం నిజం. ఏం జరిగిందమ్మా అని అడిగితే లెక్క చెప్పింది. ఈసారి చేపల చెరువు పాట తక్కువకు పోయింది. పదిహేనో ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాల్సి ఉండేది. మిగతా 40 శాతం అప్పటికే పనులకు కట్టుబడి ఉంది. ఇంటి పన్ను, చెరువు పాట లాంటి సొంత రాబడి నుంచి, అంటే సాధారణ నిధుల నుంచి, ఖర్చులు పోగా 24,000 మిగిలింది. ఇద్దరు పారిశుధ్య కార్మికులకు నెలకు వెయ్యి చొప్పున పెంచితే ఏడాదికి అయ్యేది సరిగ్గా అంతే. పాలకవర్గం ఆ పెంపుకే ఓటేసింది.

అంటే డబ్బు లేక కాదు, ఉన్న కాస్తా ఇంకో పనికి పెట్టాలనుకున్నారు. తప్పేమీ లేదు, పాలకవర్గం ఉన్నదే అందుకు. కానీ ఉత్తరంలో "వీలుపడదు" అని రాస్తే, తీసుకున్న నిర్ణయం చేతకానితనంలా కనబడుతుంది. కార్మికులకు పెరిగిన సంగతి నాలుగు రోజుల్లో టీకొట్టు దగ్గర మాస్టారు వింటారు. అప్పుడు ఆయనకు గుచ్చుకునేది 24,000 కాదు, "కొరత" అన్న మాట. నిబంధన అడ్డొస్తే నిబంధన అని రాయాలి, ఏ నిబంధనో కూడా రాయాలి. అడ్డు రాకపోతే దాని పేరు ఎత్తకూడదు. పఠన మందిరం నడిపే మనిషి జీవోలు చదవగలడు.

మాస్టారి అర్జీలో ఒక గట్టి వాదన ఉంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం వసూలు చేస్తున్నారు కదా, అందులోంచి ఇవ్వండి అన్నారు. చిత్తుప్రతి దాన్ని ముట్టుకోనే లేదు. అవతలివాళ్ల బలమైన మాటను దాటేసి రాసిన తిరస్కారం ఎంత మెత్తగా ఉన్నా అవమానమే, నా అర్జీ చదవనే లేదనుకుంటారు. ఆ సుంకం పంచాయతీ వసూలు చేసినా పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నేల ఇది, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరా తిరిగిన నేల. పుస్తకం కోసం అడిగిన మనిషికి ఆ వాక్యమైనా బాకీ ఉన్నాం.

ఆ అమ్మాయి "పోనీ ముందు నాలుగు మంచి మాటలు రాయనా సార్?" అంది. వద్దన్నాను. "మీ సేవలు వెలకట్టలేనివి" అని మొదలుపెడితే, చదివే కన్ను ఆ పొగడ్తల మీద నిలవదు, "అయితే" ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఆ తర్వాత పొగడ్త కూడా అబద్ధంలా తోస్తుంది. పొగిడేది నిజమైతే చివర ఒక్క వాక్యం చాలు, అదీ కళ్లతో చూసిన సంగతి అయితేనే.

ఇద్దరం కూర్చుని తిరగరాసింది ఇది:

"గౌరవనీయులైన మాస్టారు గారికి నమస్కారాలు. పఠన మందిరానికి ఇచ్చే మొత్తాన్ని 42,000 రూపాయలకు పెంచమని మీరు రాసిన ఉత్తరం పాలకవర్గ సమావేశంలో చదివి చర్చించాం. ఈ ఏడాది పెంచకూడదని నిర్ణయించాం. ఇప్పుడిస్తున్న 18,000 తగ్గదు, ఎప్పటిలాగే అందుతుంది. చెరువు పాట తగ్గడంతో సాధారణ నిధుల్లో కొద్దిగానే మిగిలింది, దాన్ని పారిశుధ్య కార్మికుల వేతనాల పెంపునకు కేటాయించాం. మీరు ప్రస్తావించిన గ్రంథాలయ సుంకం జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసినది, దాన్ని ఖర్చు చేసే అధికారం మాకు లేదు. అక్కడ పుస్తక నిక్షిప్త కేంద్రం కోసం మీరు దరఖాస్తు చేస్తే పంచాయతీ తరఫున సిఫార్సు ఉత్తరం ఇస్తాం. పోటీ పరీక్షల పిల్లలు సాయంత్రాలు మందిరంలో కూర్చుని చదువుకోవడం మేమందరం చూస్తున్నాం."

కాదన్న మాట మూడో వాక్యంలోనే ఉంది. "చింతిస్తున్నాం" ఎక్కడా లేదు. కార్మికుల సంగతి చెప్పాం కానీ, మందిరం కన్నా వాళ్ల అవసరం ఎక్కువని తూకం వేయలేదు. వేసి ఉంటే మాస్టారికి వాళ్లతో పేచీ పెట్టినట్టయ్యేది. "వచ్చే ఏడాది తప్పక పరిశీలిస్తాం" అని ఆమె చివర చేర్చబోతే కొట్టేయించాను. వచ్చే ఏడాది చెరువు పాట ఎంతకు పోతుందో ఎవరికి తెలుసు? చేతిలో ఉన్నది సిఫార్సు ఉత్తరం, అదొక్కటే ఇస్తామన్నాం.

ఇంత చేసినా ఈ ఉత్తరం ఒంటరిగా పోకూడదు. చేత్తో రాసిచ్చిన అర్జీకి టపాలో జవాబు వస్తే మన దగ్గర దూరం పెట్టారనే అనుకుంటారు. సర్పంచి ముందు ఇంటికెళ్లి "మాస్టారూ, ఈసారి పెంచకూడదని నిర్ణయించామండీ, కారణం ఇదీ" అని నోటితో చెప్పి, అప్పుడు కాగితం ఇవ్వాలి. నోటిమాటా కాగితమూ ఒకే కారణం చెప్పాలి. చాలా ఊళ్లలో ఇక్కడే చెడుతుంది. ఇంటి దగ్గర "నాకైతే ఇవ్వాలనే ఉంది, వార్డు సభ్యులే ఒప్పుకోలేదు" అంటారు, కాగితంలో "నిధులు లేవు" అని ఉంటుంది.

పంచాయతీల్లో, సహకార సంఘాల్లో, గుడి కమిటీల్లో జవాబులు రాసేవాళ్లను అడిగేది ఒక్కటే. తీర్మానమైన వారంలోపు ఉత్తరం ఇవ్వండి. ఊళ్లో నలుగురూ చెప్పుకున్నాక అందితే, ఎంత బాగా రాసినా అందులో కొత్త సంగతేమీ ఉండదు.