పది రూపాయల యూనిట్ చవక కాదు

తిరువూరు మామిడి రైతు టన్ను ధర అడుగుతాడు గానీ, ట్రేకి ఎంతని అడిగి ఊరుకోడు. ట్రేలో ఎన్ని కిలోలున్నాయో తేలనిదే ఆ ధరకు అర్థం లేదని అతనికి తెలుసు. పంట డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే వేళకు మాత్రం ‘కొత్త ఫండ్, యూనిట్ 10 రూపాయలే’ అన్న మాట చాలామందిని లాగేస్తోంది. ఫండ్ చేతిలో ఉన్న షేర్లు, బాండ్లు, నగదును ఆ రోజు మార్కెట్ ధరకు లెక్కకట్టి, అప్పులూ ఖర్చులూ తీసేసి, మిగిలినదాన్ని మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చేదే నికర ఆస్తి విలువ, అంటే ఎన్‌ఏవీ. మీరు 10,000 రూపాయలు పెడితే 10 రూపాయల ఫండ్‌లో 1,000 యూనిట్లు వస్తాయి, 500 రూపాయల ఫండ్‌లో 20 వస్తాయి. రెండింటిలోనూ ఒకే షేర్లుండి అవి పది శాతం పెరిగితే, మొదటిది 11 అవుతుంది, రెండోది 550 అవుతుంది. రెండు చోట్లా మీ చేతికొచ్చేది 11,000 రూపాయలే.

పది ఇరవై కావడం సులువు, ఐదొందలు వెయ్యి కావడం కష్టం కదా అని అడుగుతారు. యూనిట్ తనంతట తాను పెరగదు, లోపలి షేర్లు పెరిగితేనే పెరుగుతుంది. షేరు ధరను కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తేలుస్తారు కాబట్టి అది అసలు విలువ కంటే తక్కువకు దొరికే వీలుంది. ఓపెన్ ఎండెడ్ ఫండ్‌లో ఆ బేరమే లేదు. ఎంతమంది వచ్చినా అదే లెక్క మీద కొత్త యూనిట్లు పుడతాయి. ఈ లెక్కను పక్కనపెడితే ఏమవుతుందో యూఎస్-64 చూపించింది. 1964లో మొదలైన ఆ పథకానికి యూనిట్ ట్రస్ట్ తానే ధర ప్రకటించేది, ఎన్‌ఏవీని కాదు. 2001 జూలైలో అమ్మకాలు, తిరిగి కొనుగోళ్లు ఆపేయాల్సి వచ్చింది. 2002 జనవరిలో ఎన్‌ఏవీ పద్ధతికి మారేసరికి యూనిట్ వెనుక ఉన్న ఆస్తి 10 రూపాయలు కూడా లేదని తేలింది.

కొత్త ఫండ్ వసూలు చేసిన డబ్బు కొన్నాళ్లు నగదుగా ఉంటుంది, మార్కెట్ పడితే అది మేలే కదా అన్న వాదనలో కొంత నిజముంది. ఆ మేలు నగదు వల్ల వచ్చింది, పది రూపాయల వల్ల కాదు. మార్కెట్ పెరిగితే అదే నగదు వెనక్కి లాగుతుంది.

నన్ను బాగా ఒప్పించే సాక్ష్యం డైరెక్ట్ ప్లాన్. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ రెగ్యులర్‌తో పాటు ఇదీ ఉంది. రెండింటిలోనూ అవే షేర్లు, అదే మేనేజర్. రెగ్యులర్‌లో పంపిణీదారు కమీషన్ రోజూ కొంచెం కొంచెంగా ఆస్తిలోంచి పోతుంది, అందుకే దాని గ్రోత్ ఎన్‌ఏవీ ఏటేటా డైరెక్ట్ కంటే కిందికి జారుతుంది. తక్కువ అంకె చూసి కొనేవాడు ఇక్కడ ఎక్కువ ఖర్చున్న ప్లాన్‌నే ఎంచుకుంటాడు. సలహా కావాలనుకునేవారికి ఆ కమీషన్ న్యాయమైన రుసుమే కావచ్చు. అయితే అది ఎంతో తెలుసుకోవాలంటే చూడాల్సింది రెండు ప్లాన్ల ఖర్చుల నిష్పత్తి.