2,700 ఎక్కువొచ్చిన రాత్రి

(కరీంనగర్ టవర్ సర్కిల్ బట్టల షాపు, క్యాష్ కౌంటర్: సంవత్సరాంతపు పనితీరు నివేదిక)

ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా మా కౌంటర్ ముందు లైను తెగదు. సింగరేణి బోనస్ పడిందంటే గోదావరిఖని, మంచిర్యాల వాళ్లు కూడా వస్తారు. ఆ రద్దీలో మా క్యాషియరమ్మ చేతుల పని చూడాలి. కస్టమర్ ఇచ్చిన నోటును వెంటనే డ్రాయర్‌లో వేయదు. దాని విలువ పైకి చెప్పి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేదాకా కళ్లముందే బల్ల మీద ఉంచుతుంది. "ఐదు వందలిచ్చిన గదమ్మా" అన్న పేచీకి అక్కడ చోటుండదు. 500 నోట్లు వంద కాగానే కట్ట కట్టి, చీటీ రాసి, నా సంతకం తీసుకుని లాకర్‌కు పంపుతుంది. రాత్రి లెక్కలో ఆ చీటీలే ఆధారం.

సద్దుల ముందురోజు రాత్రి డ్రాయర్‌లో 2,700 ఎక్కువ తేలింది. తక్కువైతేనే భయపడతారు చాలామంది. ఆమె ఎక్కువకూ అంతే భయపడుతుంది, అది ఎవరి డబ్బో తెలియదు కనుక. నోట్లు మళ్లీ లెక్కపెట్టలేదు, ముందు యూపీఐ మొత్తం చూసింది. అక్కడ సరిగ్గా 2,700 తక్కువ. అంటే డబ్బు పోలేదు, రాలేదు, పద్దు తప్పు గడిలో పడిందన్నమాట.

ఇక ఏ బిల్లు? 2,700 తొమ్మిదితో నిశ్శేషంగా భాగమవుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అలాగే వస్తుంది. 900తో భాగిస్తే 3, కాబట్టి వేల స్థానం, వందల స్థానం మారి ఉండాలి, ఆ రెండంకెల మధ్య తేడా 3 ఉండాలి. ఇది రుజువు కాదు, వెతకడానికి దారి మాత్రమే. నగదు కొంత, ఫోన్ కొంత ఇచ్చిన బిల్లులు మాత్రమే తీసి, నగదు 1,400 లాగానో 2,500 లాగానో పడ్డవాటిని వేరు చేసింది. ఒక 6,850 బిల్లు దొరికింది. అందులో నగదు 1,400, యూపీఐ 5,450 అని ఉంది. అదే సమయానికి యాప్‌లో వచ్చింది మాత్రం 2,750. అంటే కస్టమర్ ఇచ్చిన నగదు 4,100. కంప్యూటర్ మిగతాది యూపీఐలో తనంతట తానే నింపుకుంది. కస్టమర్‌కు నష్టం లేదు, మాకూ లేదు.

రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే ఈ పద్ధతికి చిక్కవని ఆమే చెప్పింది. అందుకే దీపావళి నుంచి ఇలాంటి బిల్లులపై రెండు మొత్తాలూ పెన్నుతో రాయిస్తోంది.

ఒక్కటే ఫిర్యాదు: రద్దీ రోజుల్లో అన్నానికి కూడా కౌంటర్ వదలదు. జీతం పెంపుతోపాటు, ఆమె దగ్గరే పని నేర్చుకునే ఒక సహాయకుణ్ణి వచ్చే దసరాకు ముందే ఇవ్వాలని సిఫారసు చేస్తున్నాను.