దిద్దుబాటా, తుడిచివేతా?

యీ సంవత్సరం మా కళాశాల తెలుగు శాఖ జరిపిన కథల పోటీకి వచ్చిన వ్రాతప్రతులలో ఒక కథ నన్ను చాలా రోజులు వదలలేదు. బహుమతి నిర్ణయించడానికి కూర్చున్న ముగ్గురిలో యిద్దరు దానికి మొదటి స్థానం యివ్వాలన్నారు. నేను ఒప్పుకోలేదు. కథ బాగాలేదని కాదు. ముప్పాతిక భాగం అంత బాగా నడిచిన కథ చివరి పుటలో తన వస్తువును తానే కాదనుకున్నదని నా అభియోగం. ఆనాడు తొందరలో సరిగా చెప్పలేకపోయిన ఆ మాటను యిక్కడ వివరంగా చెప్పదలిచాను. రచయిత విద్యార్థి, కథ యింకా అచ్చు కాలేదు. కనుక పేరు చెప్పను.

ఇతివృత్తం చిన్నది. గోదావరి ఒడ్డున ఒక పట్టణం. శ్రీను పదవ తరగతి దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ఫీజు రాయితీ మీద ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరతాడు. తల్లి హైస్కూలులో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. కొత్త విద్యార్థుల స్వాగత సభలో ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు ఇంగ్లీషులో తమను తాము పరిచయం చేసుకోవాలి. ఆదివారం సాయంకాలం, అన్న వాడి వదిలేసిన ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, శ్రీను తన ప్రసంగాన్ని వీడియో తీసుకుంటాడు. మూడో వాక్యం దగ్గర తడబడి, దాన్నే నాలుగుసార్లు మొదలుపెడతాడు. అప్పుడే వంటింట్లోనుంచి తల్లి గొంతు వినిపిస్తుంది: "ముందు అన్నం తినరా నాయనా, చారు చల్లారిపోతోంది." శ్రీను వెనక్కి తిరిగి "నోరుముయ్యవే!" అని అరుస్తాడు. మళ్ళీ ఫోను వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "మై మదర్ యీజ్ ఎ హోమ్ మేకర్" అంటాడు.

ఉచ్చారణ ఎక్కడ తప్పిందో చెప్పమని ఆ వీడియోను స్నేహితుడు కిరణ్‌కు పంపుతాడు. గంట తిరగకుండా కిరణ్ దాన్ని తరగతి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. సోమవారం ఉదయానికి శ్రీను పేరు "చారు" అయిపోతుంది. హాజరు పిలుస్తూ లెక్చరరు కూడా "ఏమోయ్, చారు తాగి వచ్చావా?" అంటాడు. తరగతి గొల్లుమంటుంది. మంగళవారం సాయంకాలం తల్లి పని నుంచి వస్తూనే, తోటి వంటామె కొడుకు చెప్పాడని, "అందులో నా గొంతు కూడా పడిందటగా, ఏదీ చూపించు" అంటుంది, సంబరంగా. శ్రీను మాట్లాడకుండా గోదావరి రేవుకు పోయి, మెట్ల మీద కూర్చుని వీడియోను తీసివేస్తాడు. గుండె మీది బరువు దిగిపోతుంది. నీళ్ళమీద దీపాలు తేలుతుంటాయి. కథ అయిపోతుంది.

యీ కథలో గొప్ప సంగతి ఆ నవ్వు. రచయిత దాన్ని కుర్రతనపు కొంటెతనంగా వదిలిపెట్టలేదు. తరగతిలో అందరికంటె గట్టిగా నవ్విన యిద్దరూ తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్ళేనని ఒకే ఒక వాక్యంలో చెప్పి వూరుకున్నాడు. ఆ నవ్వు వాళ్ళు కడుతున్న సుంకం. తాము అటువాళ్ళం కామని రుజువు చేసుకోవడానికి, అటువాడిని చూసి నవ్వాలి. అంతేకాదు, శ్రీను కూడా ఆ సుంకం అప్పటికే కట్టాడు. వీడియో ఎవరికీ చేరకముందే, ఖాళీ గదిలో, ఎదుట ఎవరూ లేని ఒక ఫోను ముందు, వంట చేసి కూలి తెచ్చే తల్లిని "హోమ్ మేకర్" చేశాడు. అవమానం సోమవారం తరగతిలో పుట్టలేదు. ఆదివారమే, వాడి నోటిలోనే పుట్టింది. వర్గ సమాజం మనిషి లోపలికి ఎంత దూరం చొరబడుతుందో చెప్పడానికి యింతకంటె మంచి సన్నివేశం యీ మధ్య నేను చదవలేదు.

యిక ముగింపు. అసలు శ్రీను తుడిచివేసింది ఏమిటి? తాను కిరణ్‌కు పంపిన సందేశాన్ని "అందరికీ" తొలగించాడు. తన ఫోనులోని ప్రతిని కూడా తొలగించాడు. పంపిన రెండున్నర రోజుల లోపల యిలా తొలగించడానికి వాట్సాప్‌లో వీలుంది. ఆదివారం సాయంకాలం పంపి మంగళవారం రాత్రి తొలగించాడు కాబట్టి అంతవరకు లెక్క సరిపోయింది. కాని గ్రూపులో వున్నది శ్రీను పంపిన సందేశం కాదు, కిరణ్ పంపిన సందేశం. వీడియో ఒకటే అయినా అది వేరే సందేశం, దాని యజమాని వేరు. శ్రీను చెరిపివేత దానిని తాకదు. ఆ గ్రూపునుంచి తమ ఫోనులలోకి దింపుకున్నవారి ప్రతులను అంతకన్నా తాకదు. అంటే రేవులో శ్రీను గుండెబరువు దింపుకుంటున్న ఆ నిమిషాన, వీడియో తరగతి గ్రూపులో ఎక్కడ వుందో అక్కడే వుంది. బుధవారం ఉదయం వాడు మళ్ళీ "చారు"గానే తరగతిలోకి అడుగుపెట్టాలి. ఆ బుధవారాన్ని చూడకుండా రచయిత దీపాలు వెలిగించాడు.

ఇది సాంకేతికమైన చిన్న పొరపాటని నా తోటి న్యాయనిర్ణేతలు అన్నారు. నేనలా అనుకోను. ఎందుకంటే యీ పొరపాటు చాటున ఒక మనిషి దాక్కున్నాడు. ఆ తరగతి గ్రూపును ఏర్పాటు చేసినవాడు, అంటే దాని అడ్మిన్, ఆ లెక్చరరేనని కథలోనే రెండో పుటలో వుంది. 2022 నుంచి వాట్సాప్ గ్రూపులో ఎవరు పెట్టిన సందేశాన్నయినా అడ్మిన్ అందరికీ కనిపించకుండా తొలగించగలడు. తొలగించినప్పుడు అక్కడ ఫలానా అడ్మిన్ దీనిని తొలగించాడని పేరుతో సహా అందరికీ తెలుస్తుంది. వీడియోను ఫోనులలోకి దింపుకున్నవారి దగ్గర అది మిగిలిపోవచ్చు, నిజమే. కాని ఆ తొలగింపు ఉపాధ్యాయుడు సంతకం పెట్టి చేసిన బహిరంగ ప్రకటన అయివుండేది. నవ్వుతున్న అరవైమందికీ అది వినిపించేది. ఆదివారం రాత్రి వేలితో ఒకసారి నొక్కితే అయ్యే పని. ఆయన ఆ పని చేయలేదు, చారు గురించి హాస్యమాడాడు.

తుడిచివేసే అధికారం వున్నవాడిని ఒక్క హాస్యోక్తితో దాటవేసి, ఏ అధికారమూ లేనివాడి చేత తుడిచివేయించి, దానికి విముక్తి అని పేరు పెట్టడం — యీ కథలోని లోపం యిదీ. నేనూ అటువంటి గ్రూపులు నడిపేవాడినే. రాత్రివేళ ఏదో వీడియో వస్తే, చూసి, చిరునవ్వు నవ్వి, ఫోను పక్కన పెట్టిన రోజులు నాకూ వున్నాయి. అందువల్లనే యీ కథ నన్ను వదలలేదు కాబోలు.

1910లో అచ్చయిన గురజాడ "దిద్దుబాటు"ను మన విద్యార్థులందరూ చదువుతారు. అందులోనూ ఒక నవ్వు వుంది. సానిపాటకు పోయి అర్ధరాత్రి దాటాక యిల్లు చేరిన గోపాలరావు, భార్య వెళ్ళిపోయిందనుకుని కంగారుపడి పశ్చాత్తాపపడతాడు. మంచం కిందినుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు అధికారం వున్నవాడిమీద, అధికారం లేనివారు నవ్విన నవ్వు. దిద్దుకోవలసినవాడు తప్పుచేసినవాడేనన్న విషయంలో గురజాడకు ఎక్కడా సందేహం లేదు. మన కొత్త కథలో నవ్వు దిశ తిరగబడింది. అది పైనుంచి కిందికి పారుతోంది. దానితోపాటు దిద్దుబాటు కూడా తిరగబడింది. తప్పుచేసిన కిరణ్ దిద్దుకోలేదు, లెక్చరరు దిద్దుకోలేదు. నవ్వులపాలైనవాడు తనను తాను తుడిచేసుకున్నాడు.

తుడిచివేత చెల్లదనడానికి ఒక వాస్తవ వుదంతం వుంది. 2002లో కెనడా దేశపు క్యూబెక్ రాష్ట్రంలో ఒక బాలుడు బడిలో ఒంటరిగా, గోల్ఫు బంతులు ఏరే కర్రను స్టార్ వార్స్ సినిమాలోని కత్తిలాగా తిప్పుతూ తన్ను తాను చిత్రించుకున్నాడు. టేపును అక్కడే మరచిపోయాడు. మరుసటి ఏడాది తోటివిద్యార్థుల చేతిలో పడి అది ఇంటర్నెట్‌కెక్కింది. యూట్యూబ్ అప్పటికి పుట్టనే లేదు. అయినా అది లక్షలాదిమందికి చేరింది. ఆ బాలుడు బడి మానవలసి వచ్చింది. టేపును చెరిపివేయడం ఎవరి వల్లా కాలేదు. ఆ కుటుంబం మరో దారి పట్టి, వీడియోను బయటపెట్టిన విద్యార్థుల కుటుంబాలమీద దావా వేసింది. 2006లో అది రాజీతో ముగిసింది. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై 2013లో తన సొంత పేరుతో ముందుకు వచ్చి జరిగింది చెప్పాడు. 2022లో అతని భాగస్వామ్యంతోనే ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. అక్కడ ఏదైనా దిద్దుబాటు జరిగిందంటే, అది నవ్వినవారిని జవాబు చెప్పమనడం వల్లా, నవ్వులపాలైనవాడు నోరు విప్పడం వల్లా జరిగింది.

పదహారేళ్ళ పిల్లవాడిని వీరుడివి కమ్మంటున్నారా అని నన్ను అడగవచ్చు. కాదు. శ్రీను వీడియోను తీసివేయడం సహజమే. భయపడిన పిల్లవాడు మరొకటి చేయడు. పాత్ర పొరపాటు పడవచ్చు, కాని పాత్రతోపాటు రచయిత కూడా పొరపాటు పడగూడదు. శ్రీనుకు బరువు దిగిందనిపించవచ్చు. దిగలేదని రచయితకు తెలియాలి, మనకు తెలియజేయాలి. దీపాల స్థానంలో బుధవారపు హాజరుపట్టీని పెడితే చాలు.

రచయిత గమనించని సంగతి యింకొకటి వుంది. నాకు అన్నిటికన్న బాధ కలిగించింది అదే. ఆ వీడియో చూసి సిగ్గుపడనిది ప్రపంచంలో ఒక్క మనిషే, శ్రీను తల్లి. తన గొంతు అందులో పడిందని సంబరపడింది. తన్ను "నోరుముయ్యవే" అన్నాడని ఆమెకు యింకా తెలియదు. తెలిసినా, చారు చల్లారిపోతోందన్న మాటలో నవ్వడానికి ఏముందో ఆమెకు అర్థంకాదు. రేవు మెట్లమీద కొడుకు తొలగించినది తన తడబాటును మాత్రమే కాదు, ఆ గొంతును కూడా. తరగతి కోరింది సరిగ్గా అదే. వంటింటి గొంతు ఇంగ్లీషు ప్రసంగంలో వినపడకూడదు. గ్రూపులోని అరవైమంది దగ్గర ఆ గొంతు యింకా వుంది, వాళ్ళు నవ్వుకోవడానికి. కొడుకు ఫోనులో మాత్రం లేదు.

యీ రచయితకు నేను చేసే విన్నపం ఒకటే. కథ తిరగరాయండి. మీ కలం మొదటి ముప్పాతిక భాగంలో చూసినంత దూరం చివరి పుటలో కూడా చూడగలదు. తల్లి "ఏదీ చూపించు" అని అడిగిన ఆ గుమ్మం దగ్గర మరొక్క నిమిషం నిలబడండి. శ్రీను చూపిస్తాడో చూపించడో నేను చెప్పలేను, అది మీరు నిర్ణయించవలసినది. కాని కథ రేవులో ముగియదు. అది ఆ గుమ్మంలోనూ, ఆ లెక్చరరు బల్ల దగ్గరా వుంది.