మూడేళ్ల లెక్క ఏ తేదీ నుంచి?

డెత్ క్లెయిమ్ ఉత్తరం రాసిపెట్టమని ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే. పాలసీ మధ్యలో ఎప్పుడైనా ఆగిందా? ప్రీమియంలు కట్టడం మానేసి, మళ్లీ బకాయిలు కట్టి బతికించుకున్నారా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ ఉత్తరం ఎంత జాగ్రత్తగా రాయాలో తేలుతుంది.

మా వీధిలో మిషన్ కుట్టే ఆవిడ భర్త టైల్స్ పనిచేసేవాడు. 2013లో ఎల్‌ఐసీలో మూడు లక్షల పాలసీ తీసుకున్నాడు. 2023 ఆగస్టులో గుండెపోటు వచ్చి, ప్రభుత్వాసుపత్రిలో ఒక రాత్రి ఉండి చనిపోయాడు. "పదేళ్ల పాలసీ అన్నయ్యా, డబ్బు ఇవ్వడానికి వాళ్లకేం అడ్డు?" అందామె. బాండుతో పాటు మడత పెట్టిన రసీదులు తెచ్చింది. వాటిలో కరోనా మొదలయ్యాక 2020 జూన్ నుంచి కిస్తీలు లేవు. 2022 మార్చిలో మాత్రం వడ్డీతో కలిపి పెద్ద మొత్తం కట్టిన రసీదు ఉంది. అంటే పాలసీ ల్యాప్స్ అయి, రివైవల్ అయింది.

బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, 2015 సవరణ తర్వాత, మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ఏ కారణం చూపీ ప్రశ్నించడానికి లేదు. అయితే ఆ మూడేళ్లను పాలసీ జారీ చేసిన రోజు, రిస్కు మొదలైన రోజు, రివైవల్ జరిగిన రోజు, రైడర్ చేర్చిన రోజు, వీటిలో ఏది ఆఖరిదో దాని నుంచి లెక్కిస్తారు. ఈ ఇంటి లెక్కలో అది 2022 మార్చి. పాలసీ వయసు పదేళ్లయినా క్లెయిము మాత్రం ఏడాదిన్నర లోపుది. దాన్ని కంపెనీ 'ఎర్లీ క్లెయిమ్' అంటుంది, విచారణ చేస్తుంది. రివైవల్ సమయంలో ఆయన సంతకం పెట్టిన ఆరోగ్య ప్రకటన, ఎల్‌ఐసీ వాళ్ల 680 నంబరు ఫారం, బయటకు తీసి ఆసుపత్రి కాగితాలతో పోల్చి చూస్తుంది.

అందుకే ఉత్తరం మొదలుపెట్టక ముందే జబ్బు సంగతి కూర్చుని మాట్లాడుకున్నాం. పక్కనే ఉన్న మరిది "అన్నకు ఎప్పట్నుంచో షుగరుంది, అదీ రాయండి సార్" అన్నాడు. ఆమె వెంటనే కాదంది. దీపావళి దాటాక కళ్లు తిరిగి పడిపోయినప్పుడు పరీక్ష చేయిస్తే తెలిసిందంది. ఆ చీటీ వెతికించాను. 2022 నవంబరు తేదీ, డాక్టరు సంతకం, మొదటిసారి గుర్తించినట్టు రాత, అన్నీ ఉన్నాయి. అంటే రివైవల్ అయిన ఏడెనిమిది నెలలకు. "ఎప్పట్నుంచో" అని కాగితం మీద పెట్టి ఉంటే ఆ ఒక్క మాటే ఆ రోజు పెట్టిన సంతకాన్ని అబద్ధం చేసేది.

నేను దేన్నీ దాచమని చెప్పను. చీటీ మీద తేదీ 2021 అయి ఉంటే 2021 అనే రాయించేవాణ్ణి. దాచినా ఆసుపత్రి కేస్ షీటులో అది దొరుకుతుంది. అప్పుడు నామినీ రాసిన మిగతా మాటలనూ నమ్మరు. తెలిసింది తెలిసినంత వరకు, ఏ కాగితం ఆధారంగా తెలిసిందో చెప్పి రాయాలి. చుట్టాలు అంచనాగా చెప్పిన ఏళ్లను మాత్రం ఉత్తరంలోకి రానివ్వకూడదు.

ఆ రోజు పాలసీ సర్వీసింగ్ బ్రాంచి మేనేజరు పేరిట తెలుగులోనే రాసిన ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది. అంకెలు తీసేశాను.

"పై నంబరు గల పాలసీదారు, నా భర్త, ఫలానా తేదీన ఉదయం 5 గంటలకు ప్రభుత్వాసుపత్రిలో గుండెపోటుతో మరణించారని తెలియజేస్తున్నాను. నేను ఆ పాలసీకి నామినీని. ఆయనకు మధుమేహం ఉన్నట్టు మొదట 2022 నవంబరులో తెలిసింది. ఆ చీటీ నకలు జతచేస్తున్నాను. అంతకు ముందు ఏ వ్యాధికీ చికిత్స తీసుకున్నట్టు నాకు తెలియదు. ఆయన పేరిట మీ వద్ద ఇతర పాలసీలు ఏవైనా ఉంటే తెలుపగలరు. క్లెయిము ఫారాలు ఇప్పించగలరు."

పైన పాలసీ నంబరు, బాండులో ఉన్నట్టే పేరు. కింద ఆమె పేరు, చిరునామా, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్ కోడ్. జత చేసినవి మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, రద్దు చేసిన చెక్కు. బాండు అసలు ఫారాలతో పాటు ఇవ్వాలి కాబట్టి ఉత్తరానికి దాని నకలే పెట్టాం. ఇతర పాలసీలు ఉన్నాయా అన్న వాక్యం నేను ఎవరికి రాసినా పెడతాను. భార్యకు తెలియకుండా భర్త కట్టిన చిన్న పాలసీలు మన ఇళ్లలో తక్కువేం కాదు.

పేరు దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. బాండులో ఇంటిపేరు మొదటి అక్షరంతో "వెంకటేశ్వర్లు". ఆధార్ చూసి ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో పూర్తి ఇంటిపేరుతో "వెంకటేశ్వరరావు". మనకు ఇద్దరూ ఒకరే. ఫైలు చూసేవాళ్లకు ఇద్దరు. వాళ్లు రాసి అడిగేదాకా ఆగకుండా, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి మొదటి రోజే జతచేశాం. అసలు మరణం నమోదు చేయించేటప్పుడే బాండు చూసుకుని పేరు చెప్పగలిగితే ఈ పనే ఉండదు. కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికి గుర్తుంటుంది! మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి కాబట్టి చాలాసార్లు ఎవరో బంధువు ఆధార్ పట్టుకెళ్లి ఆ పని ముగించి వస్తాడు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లమన్నాను. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పోస్టులో అయితే అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాలి. ఎప్పుడు ఇచ్చారు, ఏమేం ఇచ్చారు అన్నదానికి తర్వాత అదొక్కటే సాక్ష్యం.

బ్రాంచి నుంచి వచ్చిన ఫారాల్లో 3783 నామినీ నింపేది. ఆఖరి జబ్బు ఎప్పుడు మొదలైంది, గత మూడేళ్లలో ఏ డాక్టర్లకు చూపించారు అని అందులోనూ అడుగుతారు. ఉత్తరంలో రాసిన తేదీలే ఇందులోనూ ఉండాలి కాబట్టి నకలు పక్కన పెట్టుకుని నింపాం. 3784, 3816 ఫారాలు చికిత్స చేసిన డాక్టరు, ఆసుపత్రి నింపాలి. వీటి కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తుంది. రివైవల్ లేని పాత పాలసీ అయితే ఇంత ఉండదు, ఎల్‌ఐసీలో 3783ఎ అనే చిన్న ఫారం సరిపోతుంది. ప్రమాద మరణమైతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కూడా అడుగుతారు.

ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన నిబంధనల ప్రకారం విచారణ అక్కర్లేని డెత్ క్లెయిమును 15 రోజుల్లో, విచారణ అవసరమైనదాన్ని 45 రోజుల్లో తేల్చాలి. మూడేళ్ల లోపు పాలసీని తిరస్కరించాలంటే ఏ ఆధారంతో, ఏ కారణంతో అన్నది నామినీకి రాతపూర్వకంగా చెప్పాలని చట్టమే అంటోంది. నోటిమాటగా "కుదరదమ్మా" అంటే అది తిరస్కరణ కాదు. ఆ మాటను కాగితం మీద ఇవ్వమని మళ్లీ ఉత్తరం రాయాలి. జవాబు చేతికొచ్చాక, అది న్యాయంగా లేదనిపిస్తే, మొదట కంపెనీకే ఫిర్యాదు పెట్టాలి. నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చింది తృప్తిగా లేకపోతే, ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. మన రెండు రాష్ట్రాల ఫిర్యాదులు చూసే కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అక్కడికి పంపే అర్జీకి కూడా ముద్ర పడిన ఆ మొదటి ఉత్తరం నకలే జతచేయాలి.