చెయ్యి అట్లనే ఉండాలె

బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఒక అమ్మాయి నిజామాబాద్‌లోని మా స్టూడియోకి వచ్చింది. ఫోన్లో ఫొటో చూపించింది. మెరూన్ రంగు స్లీవ్‌లెస్ కుర్తా, ఎడమ చెయ్యి కిందికి వదిలి, కుడి చెయ్యి నడుం మీద పెట్టి నిలబడింది.

"అన్నా, నాయనమ్మ దీన్ని ఫ్రేమ్ కట్టించి ఇంట్ల పెట్టుకుంటదట. ఆమె కోసం ఫుల్ హ్యాండ్స్ పెట్టాలె. కాని చెయ్యి సన్నగ చెయ్యొద్దు, తెల్లగ అసలే చెయ్యొద్దు."

ఆ రెండో మాట నాకు సూటిగా తగిలింది. ఒకసారి చేతి గుడ్డ రంగు కుర్తాతో కలవలేదని మొత్తం ఫొటో వెలుగు పెంచాను. గుడ్డ కలిసింది, మనిషి రంగు మారిపోయింది. అప్పట్నుంచి అసలు ఫొటో లేయర్‌ను ముట్టను. చేసే మార్పు ఏదైనా గుడ్డ లేయర్‌కే కడతాను.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో చేతి అంచులు చెదిరిపోతాయి. "డాక్యుమెంట్‌గా పంపమ్మా" అని అసలు ఫైలు తెప్పించుకున్నాను. ఫొటోలో వెలుగు ఎడమ పక్క నుంచి పడుతోంది. మా ఆవిడకు అలాంటి నూలు కుర్తా, నిండు చేతులది, వేయించి, అదే భంగిమలో కిటికీ పక్కన నిలబెట్టి ఫొటో తీశాను. అందులోంచి గుడ్డ చేతులు కోసి, Warp తో అమ్మాయి చేతుల మీదికి వంచాను.

కష్టమంతా అంచు దగ్గరే. గుడ్డ చేతి గీత మీదే ఆగితే చర్మానికి రంగు పూసినట్టుంటుంది. ఎక్కువ బయటికి జరిపితే చెయ్యి లావైపోతుంది. గుడ్డ మందమంత, వెంట్రుకవాసి మాత్రమే బయటికి వదిలాను. మోచెయ్యి మడిచిన చోట మాత్రం ముడతలకు కాస్త ఎక్కువ చోటిచ్చాను. నడుముకీ చెయ్యికీ మధ్య కనిపించే ఖాళీ సందు కూడా చూసుకోవాలి, అది మూసుకుపోతే చెయ్యి ఉబ్బినట్టే లెక్క.

తర్వాత నీడ. అసలు ఫొటోలోంచి అమ్మాయి చెయ్యికి ఒక కాపీ తీసి, రంగు తీసేసి, చర్మపు నలుసులు పోయేంత మసకబరిచి, గుడ్డ ఆకారం దాటకుండా దాని మీద Multiply లో పెట్టాను. ఆ చేతి గుండ్రదనం గుడ్డలోకి దిగింది. భుజం దగ్గర కుట్టు గీత వేశాను. మణికట్టు మీద ఆమెకో పుట్టుమచ్చ ఉంది, గుడ్డ అంచును దానికి కొంచెం పైనే ఆపాను.

చివరి పరీక్షకు అసలు ఫొటో కాపీని అన్నిటికన్నా పైన పెట్టి Difference చేస్తాను. మారని చోటల్లా కటిక నలుపు. ముఖం నలుపే, ఎడమ చేతి వేళ్లు నలుపే. కుడి బొటనవేలు మీద మాత్రం బూడిద మరక. గుడ్డ మాస్క్ గీస్తుంటే బ్రష్ జారింది. వెనక్కి వెళ్లి తుడిచాను.

ప్రింటు ఇవ్వగానే అమ్మాయి ముందు మణికట్టు వెతుక్కుంది. పుట్టుమచ్చ ఉందని చూసుకుని, తన చెయ్యి పక్కన పెట్టి రంగు పోల్చుకుంది.