బడ్జెట్ వ్యయచిత్రణలో ట్రీమ్యాప్, సన్‌బర్స్ట్ పటాలు: పఠనీయత పరిమితులు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ వ్యయం పద్దులు, ఉపపద్దులుగా అంతస్తులవారీగా విభజితమై ఉంటుంది. ఈ అమరికను ఒకే చిత్రంలో చూపడానికి ట్రీమ్యాప్, సన్‌బర్స్ట్ పటాలను విరివిగా వాడుతున్నారు. ఈ పటాలు ఏ పరిస్థితులలో చదవడానికి వీలుకానివిగా మారతాయో భారతీయ రాష్ట్ర బడ్జెట్ పద్దుల అమరిక ఆధారంగా ఈ వ్యాసం విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: ట్రీమ్యాప్, సన్‌బర్స్ట్, బడ్జెట్ పద్దులు, మైనర్ హెడ్, ఉప ప్రణాళిక, దత్తాంశ చిత్రణ.

1. ఉపోద్ఘాతం:

1990లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్‌కు ఎదురైన సమస్య చిన్నది. పద్నాలుగుమంది కలిసి వాడుకునే 80 మెగాబైట్ల హార్డ్ డిస్క్ తరచూ నిండిపోయేది. ఆ స్థలాన్ని ఏ ఫైళ్ళు ఆక్రమిస్తున్నాయో ఒక్క చూపులో తెలియాలి. ఒక దీర్ఘచతురస్రాన్ని ఫోల్డర్లుగా, వాటిని మళ్ళీ ఫైళ్ళుగా విభజించి, పరిమాణాన్ని వైశాల్యంగా చూపడం ఆయన కనుగొన్న పరిష్కారం. అదే ట్రీమ్యాప్. 2000లో జాన్ స్టాస్కో, యూజీన్ జాంగ్ ప్రతిపాదించిన సన్‌బర్స్ట్ అదే విభజనను ఏకకేంద్ర వలయాలలో చూపుతుంది. మొత్తం నడిమి వృత్తంలోనూ, ప్రతి అంతస్తూ దాని వెలుపలి వలయంలోనూ ఉంటాయి.

ఫైళ్ళ కోసం పుట్టిన ఈ పటాలు తరువాత బడ్జెట్ల చిత్రణకు వచ్చాయి. అయితే ఫైలుకూ పద్దుకూ మధ్య మౌలికమైన భేదాలున్నాయి. ఫైలు పరిమాణం ఎన్నడూ సున్నాకంటె తక్కువ కాదు. ఒక ఫైలు ఒక ఫోల్డరులోనే ఉంటుంది, పెద్ద ఫైలును వెదకడమే అక్కడి ప్రయోజనం. బడ్జెట్‌లో ఈ మూడూ వర్తించవు. పటాలు చదవరానివి కావడానికి మూలం ఇక్కడే ఉన్నది.

2. పద్దుల అమరిక:

మన దేశంలో ప్రభుత్వ ఖాతాలకు ఆరంచెల వర్గీకరణ ఉన్నది. మేజర్ హెడ్, సబ్ మేజర్ హెడ్, మైనర్ హెడ్, సబ్ హెడ్, డీటెయిల్డ్ హెడ్, ఆబ్జెక్ట్ హెడ్ అనేవి ఆ అంచెలు. ఉదాహరణకు 2202 అనే మేజర్ హెడ్ సాధారణ విద్యకు చెందినది. దానికింద 01 ప్రాథమిక విద్య, 02 మాధ్యమిక విద్య, 03 విశ్వవిద్యాలయ విద్య, 04 వయోజన విద్య మొదలైన సబ్ మేజర్ హెడ్లు ఉంటాయి. చిట్టచివరి అంచెలో జీతాలు, కార్యాలయ ఖర్చులు వంటివి వస్తాయి. చెట్టును పోలిన ఈ అమరికను చూడగానే ట్రీమ్యాప్ గుర్తుకురావడం సహజమే.

3. చిన్న పద్దు అదృశ్యమయ్యే హద్దు:

మొత్తం వ్యయం వెయ్యి కోట్లు అనుకుందాం. ఈ వ్యాసంలోని మొత్తాలన్నీ గణనకోసం ఊహించినవే. తెరపై పటానికి దొరికే స్థలం 1000 × 600 పిక్సెళ్ళు, అంటే ఆరు లక్షల పిక్సెళ్ళు. ఒక కోటికి 600 పిక్సెళ్ళు దక్కుతాయి.

"వయోజన విద్య" అనే పేరు చదవదగిన పరిమాణంలో సుమారు 100 పిక్సెళ్ళ వెడల్పు తీసుకుంటుందనుకోవచ్చు. తెలుగు లిపిలో పైన గుణింతపు గుర్తులు, కింద వత్తులు ఉండడంవల్ల వరుస ఎత్తు 18 పిక్సెళ్ళకు తగ్గితే అక్షరాలు కలిసిపోతాయి. ఈ లెక్కన 1,800 పిక్సెళ్ళు, అంటే మూడు కోట్ల పద్దు సరిపోవాలి. కాని నేడు వాడుకలో ఉన్న ట్రీమ్యాప్ పద్ధతి గడులను సాధ్యమైనంతవరకు చతురస్రానికి దగ్గరగా మలుస్తుంది. చతురస్రంలో పేరు ఒకే వరుసలో పట్టాలంటే 100 × 100 గడి, అంటే దాదాపు 16.7 కోట్ల పద్దు కావాలి. పేరును రెండు వరుసలుగా విరిచినా 60 × 60 గడి, అంటే ఆరు కోట్లు ఉండాలి. మొత్తంలో 0.6 శాతంకంటె చిన్నదైన పద్దు పేరులేని గడిగా మిగిలిపోతుంది.

సన్‌బర్స్ట్‌లో హద్దు ఇంకా పైకి జరుగుతుంది. అదే స్థలంలో పట్టే వృత్తపు వ్యాసార్థం 300 పిక్సెళ్ళు. నాలుగు మూలలూ ఖాళీగా పోగా సగంకంటె తక్కువ స్థలమే వినియోగమవుతుంది. నడిమి వృత్తానికీ నాలుగు వలయాలకూ తలా 60 పిక్సెళ్ళు ఇస్తే, మొదటి వలయపు మధ్యరేఖ చుట్టుకొలత సుమారు 565 పిక్సెళ్ళు. అందులో 18 పిక్సెళ్ళ చాపం కావాలంటే పద్దు మొత్తంలో 3.2 శాతం ఉండాలి. వెలుపలి వలయంలోనైనా ఒక శాతానికి పైగా కావాలి. నాలుగు కోట్ల వయోజన విద్య పద్దు ట్రీమ్యాప్‌లో సుమారు 49 × 49 గడిగానైనా కనిపిస్తుంది. సన్‌బర్స్ట్ మొదటి వలయంలో అది రెండుంబావు పిక్సెళ్ళ గీత మాత్రమే.

మౌస్ పెట్టినప్పుడు పేరు, మొత్తం కనిపించే ఏర్పాటు ఈ లోపాన్ని పూరిస్తుందనే వాదన ఉన్నది. ఎక్కడ వెదకాలో ముందే తెలిసిన పాఠకునికి మాత్రమే అది ఉపకరిస్తుంది. పేరులేని రెండువందల గడులపై వరుసగా మౌస్ కదపడం పట్టికను చదవడంకంటె కష్టమైన పని.

4. లోతు పెరిగినప్పుడు కలిగే వక్రత:

బడ్జెట్‌లో కింది అంచెలకు వెళ్ళేకొద్దీ ఒక పద్దుకు ఒకే ఉపపద్దు ఉండడం సాధారణం. ఒక మైనర్ హెడ్‌కు ఒకే సబ్ హెడ్, దానికి ఒకే డీటెయిల్డ్ హెడ్ ఉంటాయి. మొత్తం మారకపోయినా పటంలో పరిమాణం మారుతుంది.

ట్రీమ్యాప్‌లో అంతస్తుల తేడా తెలియడానికి ప్రతి గడి చుట్టూ అంచు వదులుతారు. 60 × 60 గడికి నలువైపులా మూడేసి పిక్సెళ్ళ అంచు చొప్పున మూడంతస్తులు దిగితే లోపల 42 × 42 మిగులుతుంది. వైశాల్యంలో సగానికి పైగా అంచులకే పోయిందన్నమాట. అదే 300 × 300 గడి 282 × 282 అవుతుంది, 12 శాతమే నష్టపోతుంది. రెండు పద్దుల మధ్య అసలు నిష్పత్తి 25 రెట్లు కాగా, లోపలి గడుల మధ్య కనిపించేది 45 రెట్లు. చిన్న పద్దు మరింత చిన్నదిగా కనిపించడం యాదృచ్ఛికం కాదు, గణితపరంగా అనివార్యం.

సన్‌బర్స్ట్‌లో వక్రత ఎదురు దిశలో సాగుతుంది. కోణం మారకపోయినా వెలుపలి వలయపు వైశాల్యం పెరుగుతుంది. పై కొలతల ప్రకారం మొదటి వలయంలోని ముక్కకంటె నాలుగవ వలయంలోని ముక్క సరిగ్గా మూడు రెట్లు పెద్దది. జీతాలనే ఆబ్జెక్ట్ హెడ్ దాన్ని కలిగి ఉన్న మేజర్ హెడ్‌కంటె పెద్దదిగా కంటికి తోస్తుంది. కోణాన్ని చదవాలనే సూచన ఉన్నా కన్ను వైశాల్యాన్నే పట్టుకుంటుంది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రతిపాదించిన క్రమంలో ఒకే కొలబద్దపై స్థానాన్ని పోల్చడం అత్యంత కచ్చితమైనదిగానూ, కోణం దానికంటె తక్కువగానూ, వైశాల్యం ఇంకా తక్కువగానూ ఉన్నాయి.

అయినా సన్‌బర్స్ట్‌కు ఒక గుణం ఉన్నది. ఫైళ్ళ అమరికలపై స్టాస్కో బృందం 2000లో జరిపిన పరిశీలనలో, ఏది దేనికింద ఉన్నదో తెలుసుకోవడం ట్రీమ్యాప్‌లోకంటె సన్‌బర్స్ట్‌లో సులభమని వాడుకరులు భావించారు. అమరిక తెలపడానికి అది మేలు, మొత్తాలు పోల్చడానికి కాదు.

5. రుణ పద్దు, రెండుసార్లు లెక్కింపు:

అధికంగా చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టినప్పుడు 911 అనే మైనర్ హెడ్‌లో దాన్ని తీసివేతగా చూపుతారు. వ్యయం 120 కోట్లు, వసూలు 20 కోట్లు అయితే నికర పద్దు 100 కోట్లు. రుణ వైశాల్యం అనేది లేదు కాబట్టి పటం దీన్ని చూపలేదు. గుర్తును విస్మరిస్తే మొత్తం 140 అవుతుంది. ఆ పద్దునే వదిలివేస్తే 120 అవుతుంది. రెండింటిలో ఏదీ బడ్జెట్ గ్రంథంలోని 100తో సరిపోదు.

మరొక దోషం ఉపమొత్తాలవల్ల వస్తుంది. బడ్జెట్ పట్టికలలో ప్రతి పద్దుకు మొత్తం కూడా ఒక వరుసగా ఉంటుంది. ప్లాట్లీ అనే సాధనం అప్రమేయంగా ఆ మొత్తాన్ని ఉపపద్దులకు అదనమైన సొమ్ముగా తీసుకుంటుంది. దీన్ని గుర్తించడం తేలిక. చివరి అంచెలోని ఉపపద్దులన్నీ కలిసి తమ పై పద్దు చాపంలో సగమే ఆక్రమించి, మిగిలిన సగం ఖాళీగా ఉంటుంది. సరిచేసే విధానం ఇది:

```python
go.Sunburst(ids=ids, labels=labels, parents=parents,
            values=values, branchvalues="total")
```

ఈ మార్పుతో మరొక చిక్కు వస్తుంది. లక్షలకు సవరించిన అంకెలవల్ల ఉపపద్దుల కూడిక పై మొత్తాన్ని ఒక్క లక్ష దాటినా పటం గీయబడదు. అందుచేత పై మొత్తాలను పట్టికనుండి తీసుకోకుండా చివరి అంచెనుండి కూడి తేవాలి. `ids` ఇవ్వడమూ అవసరమే. ఒకే మైనర్ హెడ్ సంఖ్య అనేక మేజర్ హెడ్ల కింద పునరావృతమవుతుంది కనుక, పేరు ఒక్కటే ఇస్తే ఏది ఎవరి ఉపపద్దో సాధనానికి తెలియదు.

6. చెట్టుకు అడ్డంగా సాగే ప్రశ్న:

ఈ పునరావృతిలోనే అసలు సమస్య ఉన్నది. మైనర్ హెడ్ 789 షెడ్యూల్డ్ కులాల ఉప ప్రణాళికకు, 796 గిరిజన ఉప ప్రణాళికకు కేటాయించినవి. విద్య, వైద్యం, వ్యవసాయం ఇలా ఎన్నో మేజర్ హెడ్ల కింద ఇవి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఉప ప్రణాళికల చట్టం, తెలంగాణలో 2017లో దాని స్థానంలో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఈ వ్యయాన్ని ప్రజలు లెక్క అడిగే విషయంగా మార్చాయి.

పై ఉదాహరణలో 789 పద్దు ఇరవై మేజర్ హెడ్ల కింద అయిదేసి కోట్ల చొప్పున ఉన్నదనుకుందాం. మొత్తం వంద కోట్లు, అంటే బడ్జెట్‌లో పదోవంతు. కాని ఒక్కొక్క గడి 0.5 శాతమే. పేరు పట్టే హద్దు 0.6 శాతం. బడ్జెట్‌లో పదోవంతు వ్యయానికి పటంలో ఒక్కచోటైనా పేరు కనిపించదు. ఆ నిధులు లేవని చదువరి భావిస్తే తప్పు అతనిది కాదు. వాటికి ప్రత్యేకమైన రంగు వేసినా ఇరవైచోట్ల చెదరిన ముక్కలను మనసులో కూడుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

పరిష్కారం గీతలో కాక చెట్టును నిర్మించే క్రమంలో ఉన్నది. ఉప ప్రణాళికను మొదటి అంచెగా, మేజర్ హెడ్‌ను రెండవ అంచెగా మార్చితే అదే దత్తాంశంలో వంద కోట్లు సుమారు 245 × 245 గడిగా కనిపిస్తాయి. అప్పుడు విద్యాశాఖ మొత్తం చెదిరిపోతుంది. ఒక చెట్టు ఒక ప్రశ్నకే జవాబు చెప్పగలదు. శాఖల క్రమంలో గీసిన చెట్టు ఏ శాఖకు ఎంత అనే ప్రశ్నకే జవాబు చెపుతుంది.

7. ముగింపు:

- ట్రీమ్యాప్ రెండు అంచెలవరకు, అన్నీ ధనాత్మకమైన పద్దులకు, కొన్ని పెద్ద పద్దుల వాటాను చూపడానికి ఉపయుక్తం. సన్‌బర్స్ట్ అమరికను తెలపడానికి ఉపయుక్తం.
- పేరు పట్టే హద్దును ముందే గణించి, అంతకంటె చిన్న పద్దులను "ఇతరములు" కింద చేర్చి, వాటి సంఖ్యను, మొత్తాన్ని పక్కన పట్టికగా ఇవ్వాలి.
- వసూళ్ళను పటంలో కలపక, నికర మొత్తంతో పాటు విడిగా పేర్కొనాలి.
- పద్దులను పోల్చవలసినచోట, చెట్టుకు అడ్డంగా సాగే ప్రశ్నలకు ఒకే కొలబద్దపై గీసిన పట్టీల పటమే తగినది.
- పటాన్ని కాగితంపై ముద్రించి చూడడం మంచి పరీక్ష. మౌస్ సహాయం లేనప్పుడు ఏ పద్దుల పేర్లు మిగులుతాయో, ఆ పటం నిజంగా చెప్పినది అంతే.