పెద్దప్రేవు కాన్సరులో ‘పది’ అనే అంకె - ఒక విమర్శ

నరసరావుపేటలోగాని మాచర్లలోగాని ఒక రోగి పెద్దప్రేవులో కణితి కనిపించినదనుకొందాం. అందుండి తీసిన ముక్కను మైనపు దిమ్మలో పొదిగి, జన్యుపరీక్షకు హైదరాబాదు వంటి నగరానికి పంపుతారు. తిరిగివచ్చే నివేదికలో రెండు సంగతులుంటాయి: ఒకటి మైక్రోసాటిలైటుల అస్థిరత, రెండవది కణితిలోని ఉత్పరివర్తనాల భారం. రోగనిరోధకశక్తిని మేల్కొల్పే మందు పనిచేయునా లేదా అని చెప్పుటలో ఈ రెండూ సమానమైన సాక్ష్యాలని కొందరు భావిస్తున్నారు. పెద్దప్రేవు విషయంలో ఇది సరికాదు.

కణం విభజన చెందేటప్పుడు డి.ఎన్.ఎ. పాఠానికి ప్రతి తయారవుతుంది. ఒకే అక్షరం ఇరవైసార్లు వరుసగా వచ్చేచోట ఎంజైము జారి, ఒక అక్షరం ఎక్కువో తక్కువో వేయడం కద్దు. ఇట్టి చోట్లే మైక్రోసాటిలైటులు. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవానివలె ఈ తప్పులను సవరించే ప్రోటీనులలో ముఖ్యమైనవి నాలుగు. వీటిలో ఒకటి లోపిస్తే ఆ వరుసల పొడవు కణానికీ కణానికీ మారిపోతుంది. ఇదే అస్థిరత. జన్యువు నడుమ ఇట్లు జారితే అక్కడినుండి పాఠమంతా తారుమారై, శరీరం ఎన్నడూ ఎరుగని ప్రోటీను ముక్కలు పుడతాయి. తెల్లకణాలు వాటిని పరాయివిగా గుర్తిస్తాయి. కణితి ఆ తెల్లకణాలకు కళ్ళెం వేస్తుంది. పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఆ కళ్ళెం తీసివేస్తుంది.

2015లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఈ సంగతిని నిరూపించింది. సవరణ లోపించిన పెద్దప్రేవు కాన్సరు గల 10 మందిలో నలుగురికి కణితి తగ్గింది. సవరణ సక్రమంగా ఉన్న 18 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. మొదటి రకం కణితులలో సగటున 1782 ఉత్పరివర్తనాలు, రెండవ రకంలో 73 కనబడ్డాయి. ఈ అంకెలు చూచినవారికి, అసలు కారణం సంఖ్యేనని తోచడం సహజమే.

2020 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ ఒక అడుగు ముందుకువేసింది. పది లక్షల అక్షరాలకు 10 ఉత్పరివర్తనాలో అంతకు మించియో ఉండి, వేరే మంచి చికిత్స మిగలకపోతే, కణితి ఏ అవయవానిదైనా ఈ మందు వాడవచ్చునని అనుమతించింది. దీనికి ఆధారం కీనోట్-158 అనే ప్రయోగం. అందులో ఆ హద్దు చేరిన 102 మందిలో 29 శాతం మందికి కణితి తగ్గింది. అయితే ఆ లెక్కలో పెద్దప్రేవు కాన్సరు రోగులే లేరు!

ఇక మన రోగి నివేదికను చూద్దాం. సవరణ ప్రోటీనులు నాలుగూ ఉన్నాయి, అస్థిరత లేదు. ప్రయోగశాల 8 లక్షల అక్షరాలు చదివి 9 ఉత్పరివర్తనాలు కనుగొన్నది. పది లక్షలకు లెక్కిస్తే 11.25, హద్దు దాటినది. కాని ఇంత చిన్న లెక్కలో మూడు అటూ ఇటూ కావడం కేవలం యాదృచ్ఛికం. అదే కణితిని మరల పరీక్షిస్తే ఏడు రావచ్చు, పన్నెండూ రావచ్చు.

అంతకుమించిన చిక్కు మరొకటి ఉన్నది. రోగి రక్తాన్ని కూడా పరీక్షిస్తే, తల్లిదండ్రుల నుండి వచ్చిన మార్పులను తీసివేయవచ్చు. కణితిని మాత్రమే పరీక్షిస్తే, పెద్ద జాబితాలతో పోల్చి తీసివేస్తారు. ఆ జాబితాలలో ఐరోపా సంతతివారే ఎక్కువ. మన జనంలోనో తమలో తామే వివాహాలు చేసుకొనే సమూహాలు అనేకం. 2009లో సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్‌లు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించిన పరిశోధనలో, ఆంధ్రదేశపు వైశ్యులు వంద తరాలకు పైగా బయటి సంబంధాలు దాదాపు లేకుండా సాగినట్లు తేలింది. ఇట్టి సమూహాలకే ప్రత్యేకమైన పుట్టుమార్పులు జాబితాలో లేనప్పుడు కణితి పద్దులోనే పడతాయి. ఆసియా, ఆఫ్రికా సంతతివారిలో భారం ఇట్లు ఎక్కువగా కనబడుతున్నదని 2022లో వెలువడిన పరిశోధన హెచ్చరించింది. మన రోగి తొమ్మిదిలో మూడు ఇట్టివే అయితే మిగిలేది ఆరు, అంటే 7.5. లక్షల ఖరీదు చేసే మందుకు ఇంత బలహీనమైన అంకె ఆధారం కావడం సబబేనా?

భారం బొత్తిగా పనికిరానిదని నా వాదం కాదు. ప్రతి తీసే ఎంజైము ‘పోల్-ఇ’లోనే, తన తప్పు తానే దిద్దుకొనే భాగం చెడినప్పుడు, అస్థిరత లేకుండానే భారం తరచు వంద దాటుతుంది. వీరిలో మందు బాగా పనిచేయడం కద్దు. కాబట్టి నివేదికలో పెద్ద అంకె కనబడితే, దాని వెనుక ఏ జన్యువు చెడినదో చూడవలెను. ఏదీ చెడకుండా పదికి అటూ ఇటూ ఉన్న అంకెకు పెద్దప్రేవులో అట్టి బలం లేదు.

అస్థిరత పరీక్షకూ లోపాలు లేకపోలేదు. కణితి ముక్కను ఫార్మలిన్‌లో సకాలంలో వేయకపోతే ప్రోటీనులకు రంగు పట్టదు. లేని లోపం ఉన్నట్లు కనబడుతుంది. దీనిని కనిపెట్టే ఉపాయం సులభమే. అదే గాజుపలకపై కణితి పక్కనున్న మామూలు కణాల కేంద్రకాలకు రంగు పట్టినదా అని చూడవలెను. వాటికీ పట్టకపోతే ఆ పరీక్ష చెల్లదు. పరీక్ష సరిగా ఉన్నప్పటికీ మందు అందరికీ పనిచేయదు. అస్థిరత గల 307 మందిపై జరిగిన కీనోట్-177లో, వ్యాధి ముదరకుండా గడిచిన కాలం పాత మందులతో 8.2 నెలలైతే పెంబ్రోలిజుమాబ్‌తో 16.5 నెలలు. అయినా ఈ మందు పొందినవారిలో 29 శాతం మందికి కణితి తొలినుండే పెరిగింది. వారిని ముందుగా గుర్తించే పరీక్ష ఇంకా చేతికి రాలేదు.